వేధింపుల ఫిర్యాదుకు మూడు నెలల గడువు: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనిచేసే మహిళలు సలహా కోసం నా దగ్గరకు వచ్చేసరికి తరచుగా గడువు దగ్గరపడి ఉంటుంది.

అపోహ: సూపర్‌వైజర్ వేధించాక వేరే విభాగానికి మార్చేస్తే, గడువును ఆ మార్పు తేదీ నుంచి లెక్కించవచ్చు.

వాస్తవం: పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఘటన జరిగిన రోజు నుంచి, వరుసగా జరిగితే చివరి ఘటన నుంచి మూడు నెలల్లోగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఒక గ్రేడింగ్ కార్మికురాలిపై చివరి వేధింపు ఫిబ్రవరి 14న జరిగింది. మార్చి 20న ఆమెను కోల్డ్ స్టోరేజీకి మార్చారు. జూన్ 20 దాకా వ్యవధి ఉందనుకుని ఆమె మే 11న వచ్చింది. పాలనాపరమైన చర్యను వేధింపుకు కొనసాగింపుగా చూడలేమని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో ఒక కేసులో తేల్చింది కాబట్టి, మే 14నే చివరి రోజుగా భావించి పని మొదలుపెట్టాము.

అపోహ: ఆధారాలన్నీ చేతికి వచ్చాకే ఫిర్యాదు ఇవ్వాలి.

వాస్తవం: "కాల్ లిస్టు వచ్చాక ఇద్దామనుకున్నానండి" అని ఆమె అన్నది. ఎక్కువ మందికి గడువు తప్పేది ఈ ఎదురుచూపులోనే. సంస్థలోని పెద్దలకు నోటితో చెప్పినా గడువు ఆగదు. ఆ రాత్రే తెలుగులో రెండు పేజీలు రాశాము: ఏ రోజున, ఏ షిఫ్టులో, ఎక్కడ, ఏమన్నాడు, ఎవరు చూశారు. చేతిలో ఉన్న మెసేజ్‌ల ప్రింట్లు జతచేసి, కాల్ లిస్టు తరువాత సమర్పిస్తామని చివర రాశాము. నిబంధనల ప్రకారం ఆరు ప్రతులు ఇవ్వాలి. మే 13న, సంస్థలో ఇలాంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ అధ్యక్షురాలికి అందజేసి, మా ప్రతిపై తేదీతో సంతకం తీసుకున్నాము. అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాము. తీసుకోవడానికి ఎవరైనా నిరాకరించినా పోస్టు రసీదు మిగులుతుంది. రాయడం రాని వారికి రాయడంలో సాయం చేయవలసిన బాధ్యత కమిటీదే.

కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కార్మికురాలికీ ఈ హక్కు ఉంది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట, లేదా వేధించింది యజమానే అయితే, జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి.

అపోహ: మూడు నెలలు దాటితే ఇక దారి లేదు.

వాస్తవం: సకాలంలో ఇవ్వలేకపోయిన పరిస్థితి నిజమని కమిటీకి అనిపిస్తే, కారణాలు నమోదు చేసి మరో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. అందుకే ఆలస్యానికి కారణాన్ని ఫిర్యాదులోనే విడి పేరాగా రాసి, ఆసుపత్రి చీటీ వంటిది ఉంటే జతచేయండి. "భయపడ్డాను" అని మాత్రమే రాయకుండా, ఎవరు ఏ రోజున ఏమని బెదిరించారో రాయండి. ఆరు నెలలు దాటితే మాత్రం కమిటీకి పెంచే అధికారం లేదు. పోలీసు ఫిర్యాదు దారి వేరు: భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష ఉన్న లైంగిక వేధింపు నేరానికి కోర్టు విచారణకు స్వీకరించే కాలపరిమితి మూడేళ్లు.