బ్యాంకు అకౌంటు మారిందని సప్లయర్ నుంచి మెయిల్ వస్తే: అపోహలు - వాస్తవాలు

చిన్న సంస్థల్లో డబ్బు తప్పుడు అకౌంటుకు వెళ్లాక, మెయిల్సూ బిల్లులూ తిరగేసి ఎక్కడ దారి తప్పిందో కనిపెట్టడం నా పని. ఈమెయిల్ మోసాల్లో రకాలు చాలానే ఉన్నాయి. యజమాని పేరుతో అర్జెంటుగా డబ్బు పంపమనేవి, ఉద్యోగి పేరుతో జీతం అకౌంటు మార్చమనేవి, అసలు కొనని సరుకుకు బిల్లు పంపేవి. వీటిలో చాలావాటిని కాస్త నిదానంగా చూస్తే పట్టుకోవచ్చు. అలా దొరకని రకం ఒకటుంది. సప్లయర్ నిజం, సరుకు నిజం, బిల్లు మొత్తం నిజం, అకౌంటు నంబరు ఒక్కటే దొంగది. ఇక్కడ రాసేది ఎక్కువగా దాని గురించే.

అపోహ: మాది చిన్న సంస్థ, మా జోలికి ఎవరొస్తారు?

అమెరికాలో ఎఫ్‌బీఐకి ఒక్క 2023లోనే ఇలాంటి వ్యాపార ఈమెయిల్ మోసాలన్నిటిపై కలిపి 21 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. పోయిన డబ్బు దాదాపు 290 కోట్ల డాలర్లు. భాగించి చూస్తే సగటున ఒక్కో ఫిర్యాదుకు లక్షా ముప్పై వేల డాలర్ల పైచిలుకు. అంటే ఒక మామూలు సంస్థ ఒక పెద్ద బిల్లుకు కట్టే స్థాయి మొత్తం. పోనీ పెద్ద కంపెనీలకు తెలివి ఎక్కువా అంటే అదీ లేదు. 2013 నుంచి 2015 వరకు లిథువేనియాకు చెందిన ఒక వ్యక్తి, తైవాన్ హార్డ్‌వేర్ కంపెనీ క్వాంటా పేరుతోనే మరో కంపెనీ రిజిస్టర్ చేసి, దొంగ ఇన్వాయిస్‌లతో గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా లాగాడు. 2019లో అతనికి అయిదేళ్ల శిక్ష పడింది.

అపోహ: దొంగ మెయిల్ చూడగానే తెలిసిపోతుంది. భాష తప్పులుంటాయి, అడ్రస్ తేడాగా ఉంటుంది.

కొన్నిసార్లు తెలుస్తుంది. సప్లయర్ డొమైన్ `modern-parts.example` అయితే దొంగ `modem-parts.example` అని కొనుక్కుంటాడు. r, n పక్కపక్కన ఉంటే m లా కనిపిస్తాయి కాబట్టి ఫోన్ స్క్రీన్ మీద కన్ను జారిపోతుంది. లేదా `From` దగ్గర సరైన అడ్రస్ పెట్టి, `Reply-To` లో తన అడ్రస్ పెడతాడు. మీరు జవాబు నొక్కగానే అది అతనికి పోతుంది. జాగ్రత్తగా చూసేవాళ్లు వీటిని పట్టుకోగలరు.

అయితే మెయిల్ నిజంగా సప్లయర్ మెయిల్‌బాక్స్ నుంచే వస్తే? ఇలాంటి కేసులు ఎలా నడుస్తాయో ఒక ఉదాహరణలో చెబుతాను.

ఒక వర్క్‌షాప్ ఏళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర యంత్రాల విడిభాగాలు కొంటోంది. ఆ సప్లయర్ ఆఫీసులో బిల్లులు చూసే ఉద్యోగి ఒక దొంగ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొట్టాడు. లోపలికి వచ్చిన దొంగ వెంటనే ఏమీ చేయలేదు. మూడు వారాల పాటు మెయిల్స్ చదివాడు. ఎవరికి ఎంత బాకీ ఉంది, ఎవరు ఏ తేదీన కడతారు, ఎవరు ఎవరిని ఎలా పలకరిస్తారు, అన్నీ చూసుకున్నాడు. తర్వాత ఆ మెయిల్‌బాక్స్‌లో ఒక రూల్ పెట్టాడు. వర్క్‌షాప్ నుంచి వచ్చే ప్రతి మెయిల్ చదివినట్టు గుర్తు పడిపోయి నేరుగా `RSS Feeds` ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది. ఆ ఫోల్డర్‌ను ఎవరూ తెరవరు. కాబట్టి అసలు ఉద్యోగికి వర్క్‌షాప్ మెయిల్స్ కనిపించడమే మానేశాయి.

సప్లయర్ అసలు బిల్లు పంపిన రెండో రోజున, అదే మెయిల్ కింద దొంగ జవాబు రాశాడు. పాత అకౌంటులో ఆడిట్ జరుగుతోంది, ఈసారికి కొత్త అకౌంటుకు పంపండి, సవరించిన ఇన్వాయిస్ జతచేశాం అని. పీడీఎఫ్‌లో లోగో, వరుస సంఖ్య, పన్ను లెక్క అన్నీ అవే. మారినవి రెండే: బ్యాంకు వివరాలు, అడుగున ఉన్న ఫోన్ నంబరు.

వర్క్‌షాప్ అకౌంటెంట్‌కు అనుమానం వచ్చింది. నిజమేనా అని మెయిల్ పెట్టింది. అది దొంగకే చేరింది. లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ పంపాడు. అయినా కుదురు లేక, బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ కూడా చేసింది. అవతలి వ్యక్తి మర్యాదగా అవునన్నాడు. ఆవిడ రెండుసార్లు సరిచూసింది, రెండుసార్లూ దొంగనే అడిగింది. మూడు బిల్లులు కలిపి కట్టేశారు. నెల చివర్లో అసలు సప్లయర్ బాకీ ఇంకా రాలేదేమని ఫోన్ చేసినప్పుడు గాని విషయం బయటపడలేదు.

ఆవిడ బల్ల పక్కనే ఉన్న ఫైల్లో నిరుడు వచ్చిన బిల్లు ఉంది. దాని మీద సప్లయర్ అసలు నంబరుంది. ఫోన్ దానికి చేసి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది.

అపోహ: మెయిల్ సెక్యూరిటీ సెట్టింగులు సరిగ్గా పెట్టించాం, ఇక టెన్షన్ లేదు.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టించుకోవడం మంచిదే. మీ డొమైన్‌ను ఉన్నదున్నట్టు వాడి దొంగ మెయిల్ పంపేవాళ్లను అవి చాలావరకు ఆపుతాయి. అయితే ఒక మెయిల్ ఫలానా డొమైన్ అనుమతించిన సర్వర్ నుంచి వచ్చిందా లేదా అన్నది మాత్రమే వాటికి తెలుసు. పై కేసులో మెయిల్ సప్లయర్ సర్వర్ నుంచే వచ్చింది కాబట్టి పాస్ అవుతుంది. పోలిక డొమైన్ కొన్నవాడు తన డొమైన్‌కు తానే ఈ మూడూ పెట్టుకుంటాడు, అదీ పాసే. రెండంచెల లాగిన్ కూడా తప్పక పెట్టాలి, కానీ మధ్యలో నిలబడి లాగిన్ సెషన్‌నే కాజేసే ఫిషింగ్ పేజీలు దాన్నీ దాటుతున్నాయి. అదీగాక మీరెంత పటిష్ఠంగా ఉన్నా, సప్లయర్ మెయిల్‌బాక్స్ మీ చేతిలో లేదు.

అపోహ: పేరూ నంబరూ కలవకపోతే బ్యాంకే ఆపేస్తుంది.

చాలా చెల్లింపు వ్యవస్థల్లో డబ్బు నంబరును బట్టే వెళ్తుంది. పేరు సరిచూసి చెప్పే ఏర్పాటు బ్రిటన్‌లో 2020లో పెద్ద బ్యాంకులతో మొదలైంది. యూరో దేశాల్లో 2025 అక్టోబరు నుంచి తప్పనిసరి అయింది. అలాంటి సదుపాయం ఉంటే వాడండి. పేరు కలవలేదని హెచ్చరిక వస్తే అక్కడే ఆగండి. ఆ హెచ్చరికకు దొంగ దగ్గర ముందే సాకు ఉంటుంది: అది మా అనుబంధ సంస్థ అకౌంటు అంటాడు. పేరు కలిసినంత మాత్రాన కూడా సరిపోదు, ఎందుకంటే అదే పేరుతో కంపెనీ పెట్టి అకౌంటు తెరిచేవాళ్లున్నారని క్వాంటా వ్యవహారంలో చూశాం.

ముందు చిన్న మొత్తం పంపి చూస్తాం అంటారు కొందరు. ఆ అకౌంటు పనిచేస్తోందని తప్ప దాంతో ఏమీ తేలదు. దొంగ అకౌంటు కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ పాత రికార్డులోని నంబరుకు ఫోన్ చేసి, ఎంత అందిందో మీరు చెప్పకుండా వాళ్లతోనే చెప్పిస్తే అప్పుడు ఆ పరీక్షకు అర్థం ఉంటుంది.

అపోహ: ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది.

ఎవరికి, ఏ నంబరుకు, ఏం అడుగుతూ చేశారన్నదే ముఖ్యం. నేను పెట్టించే పద్ధతి ఇది. ప్రతి సప్లయర్‌తో వ్యాపారం మొదలైన రోజునే ఒక ఫోన్ నంబరు, ఒక మనిషి పేరు తీసుకుని సప్లయర్ రికార్డులో రాసిపెట్టాలి. బ్యాంకు వివరాలు మార్చమని ఎప్పుడు అడిగినా, ఆ నంబరుకే మనం ఫోన్ చేయాలి. మెయిల్లో ఉన్న నంబరుకు కాదు, కొత్త బిల్లు మీది నంబరుకు కాదు. వాళ్లే ఫోన్ చేసి చెప్పినా, సరే మళ్లీ చేస్తానని పెట్టేసి మన రికార్డులోని నంబరుకే చేయాలి. ఇంకో చిక్కు: ఫోన్ నంబరు మారిందని ఒక వారం, అకౌంటు మారిందని మరుసటి వారం మెయిల్ పంపే దొంగలున్నారు. కాబట్టి ఫోన్ నంబరు మార్పుకూ ఇదే నియమం.

మాట్లాడేటప్పుడు కొత్త అకౌంటు నంబరును మనం చదివి అవునా అని అడగకూడదు. పనిలో ఉన్న మనిషి వినీ వినకుండా అవునంటాడు. మీరు అకౌంటు మార్చారా, మార్చితే కొత్త నంబరు మీరే చదవండి అనాలి. తర్వాత తేదీ, సమయం, మాట్లాడిన మనిషి, ఫోన్ చేసిన నంబరు రికార్డులో రాయాలి. అయిదు నిమిషాల పని. పాత నంబరు ఎత్తకపోతే పేమెంట్ ఆగాలి. లేటు అయితే ఏదో చార్జీ పడుతుందేమో, పడనివ్వండి.

సప్లయర్ నొచ్చుకుంటాడేమో అని మొహమాటపడేవాళ్లు చాలామంది. ఇంతవరకు నేను చూసినంతలో నొచ్చుకున్నట్టు నటించేవాళ్లు దొంగలే. అసలు సప్లయర్‌కు మీ డబ్బు తన చేతికే రావడం కావాలి.

గొంతు గుర్తుపట్టాను, ముఖం చూశాను అన్నదీ ఇప్పుడు చాలదు. 2024లో బయటపడిన ఘటనలో ఆరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగి ఒకరు, డీప్‌ఫేక్‌తో చేసిన పై అధికారుల ముఖాలను వీడియో కాల్‌లో చూసి దాదాపు 2.5 కోట్ల డాలర్లు పంపేశాడు. అందుకే కాల్ మన వైపు నుంచి, మనకు ముందే తెలిసిన నంబరుకు వెళ్లాలి.

అపోహ: ఇద్దరు ఆమోదిస్తేనే డబ్బు కదులుతుంది, కాబట్టి సేఫ్.

రెండో మనిషి చూసేది కూడా అదే మెయిలు, అదే పీడీఎఫ్ అయితే ఆ ఆమోదం కేవలం రెండో సంతకం. అతనికి కనబడాల్సింది వేరు: ఈ సప్లయర్ అకౌంటు గత చెల్లింపు తర్వాత మారిందా, మారితే ఫోన్ చేసిన నోట్ ఎక్కడ? పాత అకౌంటుకే వెళ్తున్న పేమెంట్ల మీద అంత సమయం పెట్టనక్కర్లేదు. మారిన దాని మీదే ఆగాలి. సంస్థలో ఇద్దరే ఉంటే ఒకరు సప్లయర్ రికార్డు మార్చాలి, రెండోవారు పేమెంట్ వదలాలి. ఒకే మనిషి ఉన్నచోట మార్పు నమోదైన రోజున కాకుండా మర్నాడు కట్టడం అనే నియమమైనా పెట్టుకోవాలి.

అపోహ: ఒకసారి వెళ్లిన డబ్బు ఇక రాదు.

గంటల్లో తెలిస్తే కొంతైనా దొరకవచ్చు. ఎందుకంటే దొంగ దాన్ని ఇంకో అకౌంటుకు తోయాలి, దానికి సమయం కావాలి. ముందుగా మీ బ్యాంకు మోసాల విభాగానికి ఫోన్ చేసి, ఇది మోసం అని స్పష్టంగా చెప్పి, డబ్బు వెనక్కి రప్పించమని, అందుకున్న బ్యాంకులో నిలిపివేయించమని అడగండి. పేమెంట్ రెఫరెన్స్ నంబరు చేతిలో ఉంచుకోండి. ఆ తర్వాతే పోలీసు ఫిర్యాదు. మెయిల్స్ తుడిచేయవద్దు, వాటి హెడర్లు దర్యాప్తుకు కావాలి. సప్లయర్‌కు విషయం ఫోన్లోనే చెప్పండి, మెయిల్లో చెబితే దొంగ చదువుతాడు.

రెండు వైపులా మెయిల్‌బాక్స్‌లలో ఎవరూ పెట్టని రూల్స్, బయటికి వెళ్లే ఫార్వర్డింగ్ ఉన్నాయేమో చూడాలి. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్స్ అలాగే ఉండిపోతాయి. తెరిచి ఉన్న సెషన్లన్నీ మూసేయించాలి కూడా. ఇక ఆ బిల్లు బాకీ సంగతి: డబ్బు దొంగకు పోయినంత మాత్రాన సప్లయర్‌కు కట్టాల్సింది దానంతట అది తీరిపోదు. నష్టం ఎవరు భరించాలన్నది ఒప్పందాన్ని, ఎవరి వైపు అజాగ్రత్త ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. అక్కడ సప్లయర్ మెయిల్‌బాక్స్‌లోని రూల్ స్క్రీన్‌షాట్, మీరు చేసిన కాల్ నోట్ రెండూ పనికొచ్చే కాగితాలు.