నాలుగు క్రేట్ల టమాటాకు ఇటుకల చలువ తొట్టి

టమాటాకు తొడిమ తీసేస్తే పైన గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. కాయ తోలు మీద మైనంలాంటి పొర ఉంటుంది, ఆకులకు ఉన్నట్టు సన్నని రంధ్రాలు ఉండవు. అందుకే లోపలి తేమ ఎక్కువగా ఆ మచ్చ నుంచే పోతుంది. తోలు గీసుకుపోతే అక్కడి నుంచీ పోతుంది. బూజుకు కూడా దారి అదే. పలమనేరు, పుంగనూరు వైపు తోటల్లో కోసిన సరుకు మండీకి చేరేలోపు ఎంత చెడుతుందన్నది చాలావరకు ఈ మచ్చా ఈ గీతల మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి దెబ్బ కోతలోనే పడుతుంది. మిట్టమధ్యాహ్నం కోసిన కాయ తోట వేడినంతా లోపల మోసుకుని వస్తుంది. కోసినా కాయ ఊపిరి తీయడం మానదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి వేగం ఇంచుమించు రెండింతలవుతుంది, పండటమూ మెత్తబడటమూ అంతే తొందరగా జరుగుతాయి. మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు కోయడానికి పైసా ఖర్చు లేదు. రెండో దెబ్బ క్రేటులో. అంచు దాటి కాయలు పోస్తే పై క్రేటు బరువు కాయల మీదే పడుతుంది. అంచుకు రెండు వేళ్ల కింద ఆపితే ఆ బరువును క్రేటు గోడలు మోస్తాయి. దోరకాయల్లో నాలుగు బాగా పండినవి కలిస్తే వాటి నుంచి వచ్చే ఎథిలిన్ వాయువు మిగతావాటినీ తొందరగా పండిస్తుంది. కాబట్టి పండినవి, నలిగినవి తోటలోనే ఏరి పక్కన పెట్టాలి.

ఇక ధర కోసమో, లారీ కోసమో ఒకటి రెండు రోజులు ఆగాల్సి వస్తే ఏం చేయాలి? ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980లలో రూపొందించిన ఇటుకల తొట్టి చిన్న రైతుకు బాగా పనికొస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు.

నీడ, గాలి రెండూ ఉన్నచోట 165 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు ఇటుకలు పరవాలి. దాని మీద చుట్టూ రెండు వరసల గోడ 67.5 సెంటీమీటర్ల ఎత్తు లేపాలి. రెండు గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల సందు వదిలి, అందులో ఏటి ఇసుక నింపాలి. సుమారు 400 ఇటుకలు పడతాయి. వెదురు చట్రానికి గడ్డి లేదా గోనెపట్టా కట్టి మూత చేయాలి. సందు పైన రంధ్రాల పైపు వేసి డ్రమ్ముకు కలిపితే ఇసుక అంతా ఒకేలా తడుస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు వదలాలి. బయటి గోడ పైనుంచి కింద దాకా ముదురు రంగులో తడిగా కనిపించాలి. ఎక్కడైనా ఎండిన మచ్చ ఉంటే అక్కడ నీరు అందడం లేదన్నమాట.

ఇది కుండ నీళ్లు చల్లబడే పద్ధతే. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. 25 కిలోల క్రేట్లు నాలుగు, అంటే 100 కిలోల టమాటా 35 డిగ్రీల నుంచి 25కు దిగాలంటే పోవాల్సిన వేడి సుమారు 4,000 కిలోజౌళ్లు. లెక్క ప్రకారం లీటరున్నర పైచిలుకు నీరు ఆవిరైతే చాలు. గోడల గుండా వచ్చే వేడి, కాయల సొంత వేడి కూడా ఉంటాయి కాబట్టి వాడకం దీనికన్నా చాలా ఎక్కువే. లోపల తేమ నిండుగా ఉండటంతో కాయ ముడత పడదు, తూకం తగ్గదు. నాకు తెలిసి అసలు లాభం ఇదే.

తడి గోడకే పరిమితం కావాలి. మూత నుంచి కాయల మీద చుక్కలు పడితే తొడిమ మచ్చ దగ్గర కుళ్లు మొదలవుతుంది. నలిగిన కాయ ఒక్కటి లోపలికి పోయినా ఆ తేమలో బూజు పక్కకాయలకు పాకుతుంది. ఇసుకలో బంకమట్టి ఉంటే నీరు కిందికి దిగదు.

దీని హద్దు గాలిలోని తేమ. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, నీడలో విసనకర్రతో విసిరి చూడండి. అది ఎంత చూపిస్తే తొట్టి అంతకన్నా చల్లబడదు. 38 డిగ్రీల ఎండలో గాలి తేమ 25 శాతమే ఉంటే ఆ అంకె 23 దాకా దిగుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు 27 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఇటుకల తొట్టిని నమ్ముకోకూడదు.

ఆ రోజులకు నలుగురు రైతులు కలిసి ఓ చిన్న గదికి థర్మాకోల్ పలకలు కట్టి, మామూలు ఏసీ పెట్టుకోవచ్చు. దోర టమాటాకు 13 నుంచి 16 డిగ్రీలు చాలు, చాలా ఏసీలు 16కు దిగుతాయి. ఏసీ గాలిని ఎండబెడుతుంది, అందుకని నేల తడిపి ఉంచాలి. ఇంకా చల్లగా ఉంటే ఇంకా మేలనుకుని దోరకాయను ఫ్రిజ్ చలిలో రోజుల తరబడి పెడితే, బయటికి తీశాక రంగు సరిగా తిరగదు, తోలు మీద చిన్న గుంటలు పడతాయి, కొద్ది రోజులకే నల్లబూజు పడుతుంది.