గుర్రం నవ్వలేదు

పోయిన పెండ్లిళ్ల సీజన్‌లో తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపం ముందు పెండ్లికొడుకు కోసం తెచ్చిన మగగుర్రం నిలబడి ఉంది. అంతకుముందే అక్కడ ఒక ఆడగుర్రం ఉచ్చ పోసి వెళ్లింది. మగగుర్రం ఆ తడిలో మూతి పెట్టి గట్టిగా వాసన పీల్చింది. తర్వాత మెడ సాచి, తల పైకెత్తి, పై పెదవిని ముక్కు మీదికి మడిచేసింది. పై పళ్లు, చిగుళ్లు బయటపడ్డాయి. "నాయనా, గుర్రం నగతా ఉండాది సూడు!" అని ఒక పిల్లోడి కేక. ఫోన్లన్నీ అటు తిరిగాయి.

అది నవ్వు కాదు. దీన్ని ఫ్లెమెన్ అంటారు, జర్మన్ మాట. మేకపోతులు, దున్నపోతులు చేసేదీ ఇదే, పల్లెల్లో పెరిగినవాళ్లకు కొత్తేమీ కాదు.

మామూలు వాసన గాలిలో తేలి ముక్కు పైభాగానికి చేరుతుంది. కానీ ఉచ్చలోని కొన్ని పదార్థాలు బరువైనవి, అంత తేలిగ్గా ఆవిరి కావు. వాటిని పసిగట్టడానికి గుర్రానికి వేరే అవయవం ఉంది. ముక్కు అడుగున, అంగిలికి పైన, రెండు పక్కలా రెండు సన్నని గొట్టాలు. ఒక్కొక్కటి దాదాపు అర జానెడు పొడవు. డెన్మార్క్‌కు చెందిన జాకబ్‌సన్ 1813లో వీటిని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు.

చాలా జంతువుల్లో ఈ గొట్టాలకు నోట్లోంచి కూడా దారి ఉంటుంది. గుర్రానికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది, ముక్కులోంచి మాత్రమే వెళ్లాలి. పెదవి మడిస్తే ముక్కు రంధ్రాలు కొంత మూసుకుంటాయి, తల ఎత్తితే లోపలికి చేరిన తడి వెనక్కి జారుతుంది. గొట్టాల చుట్టూ ఉన్న రక్తనాళాలు ఉబ్బుతూ తగ్గుతూ పంపులాగా ఆ తడిని లోపలికి లాగుతాయి. అక్కడి నరాలు మెదడులో సంతానానికి సంబంధించిన భాగాలకు కబురు పంపుతాయి.

ఆడగుర్రం దాదాపు మూడు వారాలకోసారి ఎదకు వస్తుంది. మగగుర్రం పెదవి ఎత్తగానే దాని మీదికి ఉరుకుతుందని చాలామంది అనుకుంటారు. కానీ పరిశీలించినవాళ్లకు అలా కనిపించలేదు. ఫ్లెమెన్ అయిన వెంటనే జతకట్టడం మామూలుగా జరగదు. ఎద ఎంతవరకు వచ్చిందో రోజూ కనిపెట్టుకుని ఉండటం లాంటిదది. పాలు తాగే మగ గుర్రప్పిల్లలు కూడా చేస్తాయి, ఈనిన తల్లి కూడా తన ఉమ్మనీటిని వాసన చూసి చేస్తుంది. కాబట్టి కామం ఒక్కటే కారణం అనలేం.

గుర్రం పెట్టుకున్నవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. నేల మీద తడి గానీ పేడ గానీ లేకుండా ఊరికే పదేపదే పెదవి మడుస్తోందంటే కడుపునొప్పి కావచ్చు. అప్పుడు మేత ముట్టదు, కాలితో నేల గీరుతుంది, డొక్క వైపు తిరిగి చూసుకుంటుంది, పడుకుని లేస్తుంది. ఇవి తోడైతే వీడియో తీయడం ఆపి పశువుల డాక్టర్‌ను పిలవాలి, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

ఆ రోజు అలాంటిదేమీ లేదు. గుర్రం ఆయన బకెట్ నీళ్లు తెచ్చి ఆ తడి మీద కుమ్మరించాడు. పెదవి కిందికి దిగింది, పెండ్లికొడుకు పైకెక్కాడు.