హోవర్‌బోర్డ్ ఛార్జర్‌లో పచ్చదీపం ఎందుకు వెలుగుతుంది

కొన్నాళ్లు మూలన పెట్టిన హోవర్‌బోర్డ్‌ను తీసి ఛార్జర్ తగిలిస్తే ఎర్రదీపం వెలగాల్సిన చోట వెంటనే పచ్చదీపం వెలుగుతుంది, లేదా కొద్ది నిమిషాలు ఎర్రగా ఉండి పచ్చగా మారిపోతుంది. బ్యాటరీ నిండిందనుకుని ఎక్కితే బండి కొంతదూరం కూడా పోదు. ఇలాంటప్పుడు చాలామంది ఛార్జర్ పాడైందని కొత్తది కొంటారు, కొత్త ఛార్జర్‌లోనూ అదే పచ్చదీపం వెలుగుతుంది. ఆ దీపం నిజంగా ఏం చెబుతోందో తెలిస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది.

సాధారణంగా హోవర్‌బోర్డ్‌తో వచ్చే ఛార్జర్ 42 వోల్టుల దగ్గర, సుమారు 2 ఆంపియర్ల వరకు కరెంటు ఇస్తుంది. దాని లోపల కరెంటు దారిలో ఒక చిన్న నిరోధకం ఉంటుంది, దాని మీద పడే వోల్టేజీని బట్టి ఎంత కరెంటు పారుతోందో ఛార్జర్ గ్రహిస్తుంది. కరెంటు ఒక నిర్ణీత స్థాయికి పైన ఉంటే ఎర్రదీపం, అంతకంటే తగ్గితే పచ్చదీపం వెలుగుతుంది. అంటే పచ్చదీపానికి అర్థం ‘బ్యాటరీ నిండింది’ అని కాదు, ‘నా నుంచి పెద్దగా కరెంటు పోవడం లేదు’ అని మాత్రమే. నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు, తెగిన తీగ తీసుకోదు, లోపలి రక్షణ బోర్డు దారి మూసేసిన బ్యాటరీ కూడా తీసుకోదు. ఈ మూడూ ఛార్జర్‌కు ఒకేలా కనిపిస్తాయి. బ్యాటరీకి తగిలించకుండా గోడకు మాత్రమే తగిలించినప్పుడు కూడా పచ్చదీపమే వెలగడానికి కారణం ఇదే.

కాబట్టి మొదట ఛార్జర్‌ను ఒంటరిగా పరీక్షించాలి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ఛార్జర్ కొన వద్ద మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసినప్పుడు 42 వోల్టుల దరిదాపుల్లో వస్తే ఛార్జర్ ప్రాథమికంగా బాగున్నట్టే. దీపమే వెలగకపోతే లోపం ఛార్జర్‌లో గానీ ప్లగ్గులో గానీ ఉంది. ఒంటరిగా పచ్చగా వెలిగే దీపం బండికి తగిలించగానే ఆరిపోతే, బండి వైపు ఎక్కడో షార్ట్ ఉందని అనుమానించి వెంటనే తీసేయాలి. ఛార్జింగ్ రంధ్రంలోని పిన్ను వంగడం, దాని వెనుక తీగ ఊడిపోవడం కూడా తరచుగా జరిగేవే. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే బ్యాటరీ ప్యాక్ వైపు చూడాలి.

మామూలు హోవర్‌బోర్డ్ ప్యాక్‌లో 20 సెల్స్ ఉంటాయి. వాటిని రెండేసి చొప్పున పక్కపక్కన కలిపి 10 జతలు చేసి, ఆ జతలను ఒకదాని తర్వాత ఒకటిగా గొలుసు కడతారు. ఒక్కో లిథియం అయాన్ సెల్ నిండుగా 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది కనుక పది జతలకు కలిపి 42 వోల్టులు. ఇక్కడే అసలు ఇబ్బంది ఉంది. ఛార్జర్‌కు తెలిసేది మొత్తమే, అందులో ఎవరి వాటా ఎంతో దానికి తెలియదు. తొమ్మిది జతలు 4.25 వోల్టులకు ఎక్కి, పదో జత 3.75 వోల్టుల దగ్గరే ఉండిపోయినా మొత్తం సరిగ్గా 42 వోల్టులే అవుతుంది. ఛార్జర్ లెక్కలో అది చక్కగా నిండిన ప్యాక్, కానీ నిజానికి తొమ్మిది జతలు హద్దు దాటాయి, ఒకటి ఆకలితో ఉంది. లిథియం సెల్‌ను హద్దు దాటి నింపడం ప్రమాదకరం. అందుకే ప్యాక్‌కు అంటించి బీఎంఎస్ అనే రక్షణ బోర్డు పెడతారు. అది సన్నని తీగలతో ప్రతి జత వోల్టేజీని విడివిడిగా చూస్తూ, ఏ ఒక్క జత 4.25 వోల్టుల ప్రాంతానికి చేరినా ఛార్జింగ్ దారిలోని మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ను ఆపేస్తుంది. స్విచ్ ఆగగానే కరెంటు ఆగుతుంది, ఛార్జర్‌లో పచ్చదీపం వెలుగుతుంది.

ఒక ప్యాక్‌ను దగ్గరగా చూద్దాం. ఛార్జర్ తగిలిస్తే ఎర్రదీపం కాసేపు వెలిగి పచ్చగా మారింది. ప్యాక్ మొత్తం వోల్టేజీ 38.9 మాత్రమే, అంటే నిండడానికి ఇంకా చాలా ఉంది. పై తొడుగు విప్పి, బీఎంఎస్‌కు వెళ్లే సన్నని తీగల కనెక్టర్ దగ్గర ఒక్కో జతను కొలిస్తే తొమ్మిది జతలు 3.84 నుంచి 3.86 వోల్టుల మధ్య ఉన్నాయి, ఆరో జత మాత్రం 4.21 వోల్టుల దగ్గర ఉంది. ఛార్జింగ్ జరుగుతున్నప్పుడు అది ఇంకాస్త పైకి పోయి బీఎంఎస్ హద్దును తాకి ఉంటుంది, కరెంటు ఆగాక కొంచెం దిగింది. దీన్ని బట్టి ఆరో జతలో ఛార్జ్ ఎక్కువగా మిగిలిపోయిందనీ, దాన్ని కాస్త ఖాళీ చేస్తే సరిపోతుందనీ అనిపించవచ్చు. కానీ ఒక్క కొలతతో ఆ నిర్ణయానికి రాకూడదు. అదే ప్యాక్‌ను బండిలో పెట్టి, అది ఆగిపోయేదాకా నడిపి మళ్లీ కొలవాలి. ఈ ప్యాక్‌లో రెండోసారి కొలిచినప్పుడు తొమ్మిది జతలు 3.45 వోల్టుల దగ్గర ఉండగా ఆరో జత 3.05కి పడిపోయింది. అందరికంటే ముందు నిండిన జతే అందరికంటే ముందు ఖాళీ అయింది. అలా చేసేది సామర్థ్యం తగ్గిన జత ఒక్కటే.

ఈ రెండు కొలతల పద్ధతి నాకు అన్నిటికంటే నమ్మకమైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే దాని ముందు మూడు రకాల లోపాలు మూడు వేర్వేరు ముఖాలతో నిలబడతాయి. ఒక జత నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ మిగతావాటికంటే పైనే ఉంటే, దానిలో ఛార్జ్ ఎక్కువగా ఉంది తప్ప జబ్బేమీ లేదు. రెండుసార్లూ కిందే ఉంటే దాని ఛార్జ్ ఎటో కారిపోతోంది. ఒకసారి అందరికంటే పైనా, మరోసారి అందరికంటే కిందా ఉంటే ఆ జత కుంచించుకుపోయింది.

మొదటి రకానికి మందు సెల్ బ్యాలెన్సింగ్. చాలా బీఎంఎస్‌లలో ప్రతి జతకు ఒక చిన్న నిరోధకం ఉంటుంది, ఆ జత 4.2 వోల్టుల సమీపానికి రాగానే బోర్డు ఆ నిరోధకాన్ని కలిపి, అదనపు ఛార్జ్‌ను వేడిగా మార్చి వదిలేస్తుంది. ఈలోగా వెనుకబడిన జతలు అందుకుంటాయి. అయితే ఇది చాలా నెమ్మదైన పని. నిరోధకం 100 ఓములది అనుకుంటే దానిలో పారేది 42 మిల్లీఆంపియర్లే, జతల మధ్య తేడా 400 మిల్లీఆంపియర్ గంటలు ఉంటే అది సర్దుకోవడానికి తొమ్మిదిన్నర గంటలు పడుతుంది. పచ్చదీపం కనిపించగానే ఛార్జర్ పీకేసే అలవాటు వల్ల బ్యాలెన్సింగ్‌కు సమయం చిక్కక, చిన్న తేడాలే పెరిగి పెద్దవవుతాయి. ఛార్జింగ్ చివర్లో దీపం ఎర్రగా, పచ్చగా మార్చి మార్చి వెలుగుతుంటే, ఒక జత హద్దు తాకి బోర్డు ఆపడం, అది కొంత దిగాక మళ్లీ అనుమతించడం జరుగుతున్నట్టు. అప్పుడు పక్కనే ఉండి గమనిస్తూ మరికొన్ని గంటలు ఉంచితే మేలు. మనిషి లేని గదిలో, రాత్రంతా వదిలేసి పడుకోవడం మాత్రం తగదు.

రెండో రకంలో, అంటే ఛార్జ్ కారిపోయే జత విషయంలో, తప్పు సెల్‌దే కానక్కర్లేదు. బ్యాలెన్సింగ్ నిరోధకాన్ని కలిపే చిన్న ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఎప్పుడూ కలిపే ఉంచితే, బండి మూలన ఉన్నా ఆ జత రోజుకు దాదాపు ఒక ఆంపియర్ గంట చొప్పున కోల్పోతుంది. రెండు సెల్స్ కలిపి 4.4 ఆంపియర్ గంటల జత వారం తిరగకముందే అడుగంటుతుంది. ఛార్జర్ తగిలించకపోయినా బోర్డు మీద ఒక నిరోధకం మాత్రమే వెచ్చగా తగిలితే అనుమానం అటే పోవాలి. బీఎంఎస్ నుంచి ఆ తీగల కనెక్టర్ విడదీసి కొన్ని రోజులు ఉంచి కొలిచినప్పుడు జత నిలకడగా ఉంటే బోర్డు దోషి, అప్పటికీ దిగుతూ ఉంటే సెల్ దోషి.

పది జతలూ సమానంగా, ఉదాహరణకు 3.7 వోల్టుల దగ్గర ఉండి కూడా ఛార్జింగ్ మొదలు కాకపోతే రక్షణ బోర్డునే నిలదీయాలి. ఛార్జర్ తగిలించి ఉంచి, సెల్స్ రుణధ్రువం కలిసే చోటుకూ ఛార్జింగ్ రుణతీగ బోర్డును తాకే చోటుకూ మధ్య వోల్టేజీ చూడాలి. స్విచ్ ఆన్‌లో ఉండి కరెంటు పారుతుంటే అక్కడ చాలా స్వల్పమైన వోల్టేజీ ఉంటుంది. 5 వోల్టుల దాకా కనిపిస్తే, అంటే ఛార్జర్ 42కూ ప్యాక్ 37కూ మధ్య తేడా మొత్తం అక్కడే ఉంటే, స్విచ్ ఆఫ్‌లో ఉంది. అది మాస్‌ఫెట్ కాలిపోవడం వల్ల కావచ్చు, లేదా ఒక సన్నని తీగ కంపనాలకు తెగి, ఆ జత వోల్టేజీని బోర్డు తప్పుగా చదువుతూ ఉండవచ్చు. సెల్ దగ్గర 3.7 ఉండి బోర్డు చివర అదే జత వేరే అంకె చూపిస్తే తీగే తెగింది. మాస్‌ఫెట్ దీనికి వ్యతిరేకంగా షార్ట్ అయితే బయటికి ఏ లక్షణమూ కనిపించదు. ఛార్జింగ్ మామూలుగా సాగుతుంది, ఆపాల్సిన వేళ ఆగదు. నా దృష్టిలో ఛార్జ్ కాని ప్యాక్ కంటే అదే భయపడాల్సిన ప్యాక్.

మొండికేసిన బోర్డును తప్పించి ఛార్జర్‌ను నేరుగా సెల్స్‌కు కలిపే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అలా చేయకూడదు. ఒక జత 2 వోల్టులకంటే కిందికి దిగి ఉండిపోతే దాని లోపలి రాగి రేకు నుంచి రాగి కరగడం మొదలవుతుంది, తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని సెల్ లోపలే షార్ట్‌కు దారి తీయగలదు. అలాంటి సెల్ 4.2 వోల్టులకు చేరినట్టు కనిపించినా దాన్ని నమ్మలేం. బోర్డు నిరాకరించింది ఆ సెల్‌నే అయితే దాన్ని తప్పించడమంటే చివరి కాపలాను తీసేయడమే.

ఇక మన ఆరో జత సంగతి. తొడుగు పూర్తిగా తీసి చూస్తే రెండు సెల్స్‌లో ఒకదాని కొన మీద నికెల్ పట్టీ అతుకు ఊడి, పైపైన ఆనుకుని ఉంది. అంటే జత పేరుకే జత, పనిచేసింది ఒక్క సెల్ మాత్రమే, అందుకే సగం వేళలో నిండి సగం వేళలో ఖాళీ అయింది. పట్టీని తిరిగి అతికించడానికి ముందు మరో కొలత కావాలి. విడిపోయిన సెల్ 3.6 దగ్గర, దాని తోటిది 4.2 దగ్గర ఉండగా కలిపితే ఒక్కసారిగా పెద్ద కరెంటు ఒకదాని నుంచి మరొకదానిలోకి దూకుతుంది. కాబట్టి రెండింటినీ దాదాపు ఒకే వోల్టేజీకి తెచ్చి, సెల్‌కు ఎక్కువ వేడి తగలకుండా స్పాట్ వెల్డింగ్‌తోనే అతికించాలి. అయినా ఇన్నాళ్లూ ఇద్దరి భారం మోసిన సెల్ మిగతావాటికంటే ముందే అలసిపోయి ఉంటుంది. అతికించాక కూడా రెండు కొలతల్లో ఆరో జత వేరుగా నిలబడితే ఆ ఒక్క జతలో కొత్త సెల్స్ వేయడం కంటే, 20 సెల్స్‌తో కొత్త ప్యాక్ తీసుకోవడమే సరైన పని, ఎందుకంటే పాత తొమ్మిది జతల మధ్య ఒక కొత్త జత పెడితే నిండే వేగం, ఖాళీ అయ్యే వేగం మళ్లీ తేడాగానే ఉంటాయి.