ఫొటో అంచున తెగిపోయిన 1: దివాలా లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

ఎమ్మెస్సీ చదువుతున్న ఒక కుర్రాడు క్లాసులో బోర్డు మీది బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి నాకు పంపాడు. ఒకే వరసలో ఆరు వృత్తాలు, వాటిలో 0 నుంచి 5 వరకు అంకెలు. పక్కపక్క వృత్తాల మధ్య వంపు బాణాలు. వాటి దగ్గర 0.2 అనీ 0.3 అనీ రాసి ఉంది. నడిమి నాలుగు వృత్తాల మీద తిరిగి తమలోకే వచ్చే చిన్న చుట్టు బాణం, దాని పక్కన 0.5. ఎడమ చివర 0 మీద కూడా అలాంటి చుట్టే ఉంది, దాని పక్కన 1. కుడి చివర 5 మీది చుట్టు సగమే కనిపిస్తోంది. దాని పక్కన ఏం రాసి ఉందో ఫొటో అంచు దగ్గర తెగిపోయింది. కింద ప్రశ్న: 2 దగ్గర మొదలుపెడితే చివరికి 0కి చేరే సంభావ్యత ఎంత?

ఇదే దివాలా సంభావ్యత. 0 అంటే చేతిలో పైసా లేకపోవడం, 5 అంటే ఎదుటివాడి డబ్బు కూడా మన దగ్గరికే రావడం. ఏ చివరకు చేరినా ఆట అక్కడితో ఆగిపోతుంది. అలాంటి చివరను పాఠాల్లో అబ్జార్బింగ్ బౌండరీ అంటారు, అంటే అడుగుపెట్టినవాణ్ని మళ్లీ బయటికి వదలని గట్టు.

బోర్డు మీద ట్యూబ్‌లైటు వెలుగు పడి మెరవడం వల్ల ఏ అంకె ఏ బాణానిదో తేలడం లేదు. అంచున తెగిన చుట్టు సంగతీ తెలియదు. కుర్రాడు మూడు రకాలుగా చదివి మూడు జవాబులు తెచ్చుకున్నాడు: 0.81, 0.36, 1. మూడింట్లోనూ కూడికల తప్పేమీ లేదు. బొమ్మను చదవడంలోనే తేడా వచ్చింది. ఏది సరైనదో తేల్చాలంటే ఆ బొమ్మలోని ఒక్కో గీత ఎందుకు ఉందో తెలియాలి. ఆ గీతలన్నీ 1656 నాటి ఒక పాచికల లెక్క నుంచి వచ్చినవే.

ఆ ఏడాది సెప్టెంబరులో పియరీ కార్కవీ పారిస్ నుంచి డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్‌కు ఉత్తరం రాస్తూ, ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్ తన సాటి గణితవేత్త ఫెర్మా ముందు పెట్టిన ఒక లెక్కను అందులో తెలియజేశాడు. ఇద్దరు మూడు పాచికలతో ఆడతారు. మొత్తం 14 పడితే ఒకరికి పాయింటు, 11 పడితే రెండోవారికి పాయింటు. అయితే ఎదుటివాడి ఖాతాలో అప్పటికే పాయింట్లు ఉంటే, మనకు ఒకటి పెరిగే బదులు అతనికి ఒకటి తగ్గుతుంది. ముందుగా 12కు చేరినవాడు గెలిచినట్టు. ఈ నియమం కాస్త వింతగా అనిపిస్తుంది కానీ, దీని వల్ల ఎప్పుడు చూసినా ఒక్కరి ఖాతాలోనే పాయింట్లు ఉంటాయి. కాబట్టి ఆట ఎక్కడుందో చెప్పడానికి ఒక్క అంకె చాలు: ఎవరు ఎంత ముందున్నారు అన్నది. ఆ అంకె ఒక అడుగు ఇటో అటో కదులుతూ, ఏదో ఒక వైపు 12 దాకా వెళ్లి ఆగుతుంది. వృత్తాలూ బాణాలూ ఎవరూ గీయకముందే, రెండు గట్ల మధ్య నడక అనే ఊహ ఆ నియమంలో దాగి ఉంది.

హైగెన్స్ 1657లో అచ్చయిన తన చిన్న లాటిన్ గ్రంథం చివర చదువరులకు ఐదు లెక్కలు ఇచ్చాడు. ఐదోది ఇదే. ఆయన దాన్ని పాయింట్ల నుంచి బిళ్లలకు మార్చాడు. ఇద్దరి దగ్గరా చెరి 12 బిళ్లలు. 11 పడితే మొదటివాడు రెండోవాడికి ఒక బిళ్ల ఇవ్వాలి, 14 పడితే రెండోవాడు మొదటివాడికి ఇవ్వాలి. బిళ్లలన్నీ ఎవరి దగ్గరికి చేరితే వారిదే గెలుపు. ఈ రూపంలో చూస్తే చివరలు 0, 24 అయ్యాయి. ఒకరు దివాలా తీయడం అనే అర్థం కూడా స్పష్టంగా వచ్చింది. పాస్కల్ చెప్పిన ఆటకూ దీనికీ లెక్కలో తేడా లేదు.

మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో 14 వచ్చేవి 15, 11 వచ్చేవి 27. రెండూ కలిపితే 42. మిగిలిన 174 సార్లు ఎవరి బిళ్లా కదలదు, మళ్లీ వేయాల్సిందే. మన ఫొటోలో 0.5 అని రాసిన చుట్టు బాణం పని సరిగ్గా ఇదే. హైగెన్స్ జవాబులో ఆ 174 ఊసే ఉండదు. మొదటివాడి అవకాశానికీ రెండోవాడి అవకాశానికీ నిష్పత్తి 244140625 : 282429536481 అని మాత్రమే ఉంటుంది. ఈ పెద్ద అంకెలు 5^12, 9^12. 15ను, 27ను మూడుతో భాగిస్తే వచ్చే 5, 9లే ఇవి. అంటే కదలిక లేని పందేలు ఆటను సాగదీస్తాయే తప్ప ఎవరు దివాలా తీస్తారన్నది మార్చవు. కదిలినప్పుడు ఏ వైపుకు ఎంత అవకాశం అన్న నిష్పత్తే దాన్ని తేలుస్తుంది.

ఆ జవాబును ఒకసారి నిదానంగా చూడాలి. చెరి ఒక్క బిళ్లతోనే ఆడితే మొదటివాడు 14 ఆటల్లో 5 గెలుస్తాడు, అంత అన్యాయంగా ఏమీ అనిపించదు. చెరి 12 బిళ్లలతో ఆడితే రెండోవాడి అవకాశం దాదాపు 1157 రెట్లు ఎక్కువ. గట్లు దూరం జరిగేకొద్దీ చిన్న మొగ్గు ఇంత పెద్దదవుతుంది. ఈ లెక్కలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే.

హైగెన్స్ జవాబు ఇచ్చాడు గానీ దారి చూపలేదు. 1676లో రాసుకున్న ఒక చేతిప్రతిలో మాత్రం ఇలాంటి లెక్కకు ఆట కొమ్మలుగా చీలుతూ పోయే బొమ్మ గీసుకున్నాడు. జాకబ్ బెర్నూలీ ఆ ఐదు లెక్కల మీదా చేసిన వివరణ ఆయన చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1713లో వెలువడింది. ఈలోగా 1711లో, ఫ్రాన్స్ నుంచి తరలివచ్చి లండన్‌లో స్థిరపడిన అబ్రహాం డి మావర్ అందరికంటే చక్కని దారి చూపించాడు. అది తెలిస్తే మన ఫొటో లెక్కకు సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు.

ఆయన ఆలోచన ఇది. బిళ్లలన్నిటికీ ఒకే విలువ ఉండాలని ఎక్కడుంది? ప్రతి పందెమూ ఇద్దరికీ సమానంగా ఉండేలా బిళ్లలకు వేర్వేరు విలువలు కడదాం. మన బొమ్మలో కుడికి 0.2, ఎడమకు 0.3 అనుకుందాం. అంటే రెండుసార్లు గెలిచే చోట మూడుసార్లు ఓడతాం. అలాంటప్పుడు గెలిస్తే వచ్చే బిళ్ల, ఓడితే పోయే బిళ్లకు ఒకటిన్నర రెట్లు విలువ చేయాలి. మొత్తం ఐదు బిళ్లలు కాబట్టి వాటి విలువలు వరసగా 16, 24, 36, 54, 81 అనుకోండి. ప్రతిదీ ముందుదానికి ఒకటిన్నర రెట్లు. మొత్తం 211.

మనం 2 దగ్గర ఉన్నామంటే చేతిలో 16, 24 బిళ్లలు ఉన్నాయి, విలువ 40. పందెం గెలిస్తే 36 వస్తుంది, ఓడితే 24 పోతుంది. 36ను 2తో గుణించినా 24ను 3తో గుణించినా 72. ఎవరికీ మొగ్గు లేదు. ఏ వృత్తం దగ్గర చూసినా ఇంతే. ప్రతి పందెమూ సమానమైతే ఆట మొత్తమూ సమానమే. మొదట్లో మన దగ్గరున్న 40, చివర్లో మనకు సగటున దక్కేదానితో సరిపోవాలి. చివర్లో దక్కేది 211, లేదంటే ఏమీ ఉండదు. కాబట్టి 5కు చేరే అవకాశం 40/211. దివాలా సంభావ్యత 171/211, దాదాపు 0.81.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే సూత్రం ఇందులోంచే వస్తుంది. కుడి అవకాశం p, ఎడమది q, వాటి నిష్పత్తి r = q/p, మొదలు k, కుడి చివర N అయితే:

గెలుపు = (r^k − 1)/(r^N − 1)

p, q సమానమైతే ఈ సూత్రంలో పైనా కిందా సున్నా వచ్చి పిల్లలు ఆగిపోతారు. డి మావర్ బిళ్లలతో ఆ ఇబ్బంది లేదు. అప్పుడు అన్ని బిళ్లలకూ ఒకే విలువ, గెలుపు 2/5, దివాలా 3/5. ఈ 0.6ను గుర్తుపెట్టుకుంటే మంచి తనిఖీ అవుతుంది. ఎడమకు మొగ్గు ఉంటే దివాలా 0.6 కంటే ఎక్కువ రావాలి, కుడికి ఉంటే తక్కువ రావాలి.

కుర్రాడి రెండో జవాబు 0.36 ఇలా వచ్చింది: బాణాల అంకెలను తారుమారుగా చదివాడు. అప్పుడు బిళ్లల విలువలు 81, 54, 36, 24, 16 అవుతాయి. మన దగ్గర 135 ఉంటుంది, దివాలా 76/211. ఒక్కో వృత్తం నుంచి బయటికి పోయే బాణాల మొత్తం 1 కావాలన్న మామూలు తనిఖీతో ఈ పొరపాటు దొరకదు. ఎటు చదివినా 0.2, 0.3, 0.5 కలిస్తే 1 అవుతాయి.

మూడో జవాబు 1 తెగిన అంచు వల్ల వచ్చింది. 5 మీది చుట్టు పక్కన 1 కాక అంతకంటే తక్కువ ఉందనీ, అక్కడి నుంచి వెనక్కి 4కు దారి ఉందనీ అనుకున్నాడు. అలాంటి చివర ఆటను ఆపదు, వెనక్కి తిప్పి పంపుతుంది. అప్పుడు ఆట ముగిసే చోటు 0 ఒక్కటే. ఎంత ఆలస్యమైనా చివరికి అక్కడికే చేరతాం, కాబట్టి దివాలా ఖాయం. డి మావర్ వాదన ఇక్కడ పనిచేయదు. ఆ వాదన రెండు వైపులా ఆట ఆగే ఏర్పాటు మీదే నిలబడింది.

ఈ బొమ్మలకు ఉన్న పేరు చాలా తర్వాత వచ్చింది. 'రాండమ్ వాక్' అన్న మాటను 1905లో కార్ల్ పియర్సన్ నేచర్ పత్రికకు రాసిన చిన్న లేఖలో వాడాడు. ఆయన అడిగింది గట్టులేని మైదానంలో ఇష్టం వచ్చిన దిక్కుకు నడిచే మనిషి గురించి. పాత జూదం లెక్క కూడా ఆ పేరు కిందికి చేరాక, బిళ్లల బదులు అడుగులు, దివాలా బదులు గట్టు అనడం అలవాటైంది.

ఇక ఫొటో సంగతి. నడిమి వృత్తాల మధ్య రెండేసి బాణాలు ఉండటం వల్ల అంకెలు కలిసిపోయాయి. కానీ 0కూ 1కీ మధ్య చూడండి. 0 నుంచి ఎవరూ బయటికి రారు కాబట్టి అక్కడ ఒకే ఒక్క బాణం, 1 నుంచి 0కి. దాని పక్కన ఉన్న అంకె ఎడమ బాణానిదే, వేరే దానిది కావడానికి వీల్లేదు. ఫొటోను పెద్దది చేసి చూస్తే అక్కడ 0.3 ఉంది. తెగిన అంచుకు కూడా ఇదే ఉపాయం. 5 వెనక్కి పంపే చివర అయితే 4కూ 5కూ మధ్య రెండు బాణాలు ఉండాలి. అక్కడ ఒక్కటే ఉంది, 5 వైపుకు పోయేది, దాని పక్కన 0.2. 5 నుంచి బయటికి దారే లేనప్పుడు ఆ సగం చుట్టు పక్కన ఉండగలిగేది 1 మాత్రమే. కాబట్టి జవాబు 171/211.

ఇంత తేలాక కుర్రాడు ఇంకొకటి అడిగాడు: 0.5 చుట్టులు దివాలాను మార్చకపోతే టీచర్ వాటిని ఎందుకు గీసినట్టు? అదే బొమ్మ కింద రెండో ప్రశ్న ఉంది, ఆట సగటున ఎన్ని అడుగులు సాగుతుందని. చుట్టులు తీసేసి కుడికి 0.4, ఎడమకు 0.6 పెడితే సగటు దాదాపు 5.26 అడుగులు. చుట్టులు ఉంటే సగం సార్లు ఉన్నచోటే ఉంటాం కాబట్టి అది సరిగ్గా రెట్టింపు, సుమారు 10.5.