ఒక నీటి చుక్క, మూడు పౌడర్లు

ఉక్కపోతలో ఒంటికి టాల్కమ్ మంచిదా, మొక్కజొన్న పిండితో చేసిన పౌడర్ మంచిదా, ప్రిక్లీ హీట్ పౌడర్ మంచిదా అని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు రాసే ముందు రెండు సాసర్లలో టాల్కమ్ ఒకటి, మొక్కజొన్న పిండి ఒకటి పోసి, ఒక్కో నీటి చుక్క వేసి చూశాను.

టాల్కమ్ మీద చుక్క ముత్యంలా నిలబడింది. సాసర్ వంచితే ఒంటినిండా పౌడర్ పూసుకుని దొర్లింది. పిండి మీద పడిన చుక్క కాసేపటికే ఇంకిపోయి చిన్న ముద్ద అయింది.

టాల్క్ అన్నిటికన్నా మెత్తని ఖనిజం, కాఠిన్యం 1 అని బడిలో బట్టీ పట్టిస్తారు. ఎందుకు మెత్తనో చెప్పరు, అసలు అందం అక్కడే ఉంది. మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పలుచని రేకులు దొంతరలుగా ఉంటాయి. రేకుకీ రేకుకీ మధ్య పట్టు చాలా తక్కువ కాబట్టి ఒకదానిపై ఒకటి జారిపోతాయి. పైగా రేకు ముఖానికి నీరంటే పడదు. అంటే టాల్కమ్ చెమటను పెద్దగా పీల్చదు, తొడల మధ్య, చంకల్లో రాపిడిని తగ్గిస్తుంది. అది కూడా ఒళ్లు పొడిగా ఉన్నప్పుడే. తడి మీద చల్లితే ఉండలు కడుతుంది.

మొక్కజొన్న పిండి గింజల్లో గ్లూకోజ్ గొలుసులు నీటిని పట్టుకుంటాయి. కానీ అవి గాలిలోని తేమను కూడా అలాగే పట్టుకుంటాయి. పొడిగా కనిపించే పిండి బరువులోనే దాదాపు పదో వంతు నీరు ఉంటుంది, తేమ ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. అందుకే ఉక్కపోతలో దానికి చెమట పీల్చే ఖాళీ తగ్గుతుంది. నిండాక మడతల్లో జిగురుగా మారి ఒరుసుకుంటుంది. ఇది ఈస్ట్‌కి మేత అవుతుందని చాలామంది భయపడతారు. మనుషుల చర్మం మీద చేసిన ఒక పరీక్షలో మాత్రం అలా పెరగలేదు.

ప్రిక్లీ హీట్ పౌడర్లో సాధారణంగా ఈ రెండిట్లో ఒకటి ఆధారం, పైన మెంథాల్ వంటివి కలుపుతారు. మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నాడులను తట్టి లేపుతుంది. ఒంటి వేడి తగ్గదు, మంట, దురద మాత్రం కాస్త మరుగున పడతాయి. చెమటకాయల్లో అసలు సమస్య చెమట నాళం మూసుకుపోవడం. ఏ పౌడరూ దాన్ని తెరవదు. చల్లని చోట ఉండి, వదులు బట్టలు వేసుకుని చెమట ఆగితే కొద్ది రోజుల్లో అవే తగ్గుతాయి.

గోకి గీరుకుపోయిన చర్మం మీద మెంథాల్, సాలిసిలిక్ యాసిడ్, సెంటు మండుతాయి. బోరిక్ యాసిడ్ ఉన్నదైతే అక్కడ అసలు వాడొద్దు, పసిపిల్లలకు కూడా వద్దు. సున్నితమైన చర్మానికి నేనైతే సెంటు లేని పిండి పౌడర్‌నే ఎంచుకుంటాను, బాగా తుడుచుకున్నాక పలుచగా, మడతల్లో ముద్ద కట్టక ముందే కడిగేసేలా. 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను క్యాన్సర్ కారకం కావచ్చని బలంగా అనుమానించే 2ఏ వర్గంలో చేర్చడం కూడా నా ఎంపికకు ఒక కారణం. అయితే పిండి అయినా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే హానే. డబ్బాను బిడ్డ ముఖానికి దూరంగా పెట్టి, ముందు మీ అరచేతిలో వేసుకుని అప్పుడు రాయండి.