గిత్త మెడలో ఎర్ర రిబ్బను ఎందుకు చెడిపోయింది: గేమ్ బొమ్మల కుదింపు వెనుక కథ

ఒంగోలులో మేమిద్దరం, అంటే నేనూ మా బాబాయి కొడుకూ, బండలాగుడు పందేల మీద ఒక చిన్న మొబైల్ గేమ్ చేశాం. బొమ్మలన్నీ వాడే గీశాడు. తెల్ల గిత్తలు, మూపురాలు, కొమ్ము కుప్పెలు, మువ్వల పట్టెడలు, మెడలో ఎర్ర రిబ్బన్లు. గిత్త పరిగెత్తే భంగిమలన్నీ 2048×2048 సైజు పెద్ద బొమ్మల్లో పక్కపక్కన పేర్చాం. వీటినే అట్లాసులు అంటారు. మొత్తం పన్నెండు అట్లాసులు, పీఎన్‌జీ ఫైళ్లుగా అన్నీ కలిపి 14 ఎంబీ. నా ఫోన్లో బాగానే ఆడింది. 1 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్లో మాత్రం మూడో పందెం మొదలవగానే గేమ్ మూసుకుపోయేది.

14 ఎంబీకే ఫోన్ పడిపోతుందా అని మొదట అనుకున్నాం. మా లెక్కే తప్పు. పీఎన్‌జీ చుట్ట చుట్టిన చాపలాంటిది, కూర్చోవాలంటే విప్పాల్సిందే. విప్పితే ఒక్కో చుక్కకు, అంటే పిక్సెల్‌కు, నాలుగు బైట్లు. 2048ని 2048తో, మళ్లీ 4తో గుణిస్తే 16 ఎంబీ. పన్నెండుకు 192 ఎంబీ.

మరి విప్పకుండా వాడలేమా? పీఎన్‌జీలో వెయ్యో చుక్క రంగు తెలియాలంటే దాని ముందున్నవన్నీ చదవాలి. గ్రాఫిక్స్ చిప్‌కేమో గిత్త ఏ కోణంలో తిరిగితే ఆ మూల చుక్క అప్పటికప్పుడు కావాలి. అందుకని బొమ్మను 4×4 చుక్కల గళ్లుగా కోసి, ప్రతి గడికీ ఖచ్చితంగా ఒకే సైజు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఫలానా గడి ఎక్కడుందో గుణకారంతో తెలిసిపోతుంది. ఈ దారిని పీసీల్లో స్థిరపరిచింది ఎస్3 అనే చిప్ కంపెనీ. వాళ్ల ఎస్3టీసీ 1998లో మైక్రోసాఫ్ట్ గ్రాఫిక్స్ వ్యవస్థ డైరెక్ట్‌ఎక్స్ 6లోకి వచ్చింది. గడిలో రెండు రంగులు రాసి, పదహారు చుక్కల్లో ఒక్కోటి ఆ రెంటి మధ్య ఎక్కడుందో రెండు బిట్లలో చెబుతుంది. గడికి 8 బైట్లు, అంటే చుక్కకు నాలుగు బిట్లే. దాని పేటెంట్ 2017 దాకా బతికే ఉంది.

ఫోన్లకు వచ్చేసరికి ఎవరి చిప్ వారిది, ఎవరి ఫార్మాట్ వారిది. పవర్‌వీఆర్ చిప్‌లకు పీవీఆర్‌టీసీ, క్వాల్‌కామ్‌కు ఏటీసీ, ఎన్‌విడియా టెగ్రాకు పాత ఎస్3టీసీ. ఆండ్రాయిడ్‌లో దాదాపు అన్ని ఫోన్లకూ ఉమ్మడిగా దొరికింది ఒక్క ఈటీసీ1. స్వీడన్‌లో ఎరిక్సన్ పరిశోధకుడు జాకబ్ స్ట్రోమ్, లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన టోమస్ అకెనిన్ మోలర్ 2005లో ప్రకటించిన పద్ధతి అది.

మా పాత ఫోన్‌కు దాన్నే పెట్టాం. మెమరీ దిగింది. కానీ మా వాడు తెర చూసి, "అన్నా, గిత్త మెడలో నెత్తురు ఎండినట్టుంది" అన్నాడు. నిజమే, ఎర్ర రిబ్బను అంచులన్నీ ముదురు గోధుమలోకి తిరిగాయి.

కారణం ఈటీసీ1 పొదుపులోనే ఉంది. మనిషి కన్ను వెలుతురు తేడాను పట్టినంత బాగా రంగు తేడాను పట్టదని నమ్మి చేసిన పొదుపు అది. గడిని రెండు సగాలు చేసి, ఒక్కో సగానికి ఒకే మూల రంగు ఇస్తుంది. తర్వాత ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఒకే అంకె కలుపుతుంది లేదా తీసేస్తుంది. ఒక సగంలో తెల్ల తోలూ ఎర్ర రిబ్బనూ రెండూ పడ్డాయనుకోండి. మూల రంగు సుమారు (230, 130, 130), గులాబీ. దానికి 106 కలిపితే దాదాపు తెలుపు వస్తుంది, బాగుంది. 106 తీసేస్తే (124, 24, 24) వస్తుంది. మనకు కావలసిన ఎరుపు (220, 20, 30). ఆకుపచ్చ, నీలం తగ్గాలంటే వాటితో పాటు ఎరుపూ పడిపోక తప్పదు. ఒంగోలు గిత్త తెల్లగా ఉండడం వల్ల ఈ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎర్రమట్టి నేల మీద అదే ఫార్మాట్ ఏ వంకా లేకుండా పనిచేసింది.

ఇంకో లోటు, ఈటీసీ1లో పారదర్శకత లేదు. గిత్త చుట్టూ ఖాళీ ఎక్కడుందో చెప్పడానికి మరో నలుపు తెలుపు బొమ్మ జత చేయాలి. 2 ఎంబీ అట్లాసు కాస్తా 4 ఎంబీ అవుతుంది.

ఈ రెంటికీ మందు 2012లో ఫోన్ల గ్రాఫిక్స్ ప్రమాణమైన ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0తో పాటు ఈటీసీ2గా వచ్చింది. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఈటీసీ1లో రెండో సగం రంగును మొదటి దానికి తేడాగా రాసే ఒక విధానం ఉంది. ఆ తేడాను మొదటి రంగుకు కలిపితే వచ్చే కూడిక 0 నుంచి 31 మధ్య ఉండాలి. దాటితే ఆ గడి చెల్లదు. అలా చెల్లని గళ్లను పాత ఫైళ్లలో ఎవరూ రాయరు కదా. కొత్త పద్ధతి వాటినే గుర్తులుగా వాడుకుంది. ఎరుపు కూడిక దాటితే ఒక పద్ధతి, ఆకుపచ్చ దాటితే రెండోది, ఈ రెండూ ఒకే గడిలో తెలుపునీ ఎరుపునీ విడిగా నిలబెడతాయి. నీలం దాటితే ఆకాశంలాంటి మెత్తటి ఛాయల కోసం మూడోది. ఒక్క బిట్ కూడా పెరగలేదు, పాత ఈటీసీ1 ఫైళ్లూ కొత్త చిప్‌లో యథాతథంగా తెరుచుకుంటాయి. పారదర్శకత కావాలంటే మాత్రం గడికి 16 బైట్లు. మా పన్నెండు అట్లాసులు 48 ఎంబీకి వచ్చాయి, రిబ్బనూ ఎర్రబడింది.

అదే ఏడాది చిప్‌ల డిజైన్ కంపెనీ ఏఆర్‌ఎమ్ నుంచి ఏఎస్‌టీసీ వచ్చింది. ఇందులో గడి బరువు ఎప్పుడూ 16 బైట్లే, వైశాల్యం మనిష్టం: 4×4 నుంచి 12×12 దాకా. 6×6 తీసుకుంటే మా అట్లాసు 1.8 ఎంబీ లోపే. అలా కుదించే ఆదేశం ఇదీ:

```
astcenc -cl gitta.png gitta.astc 6x6 -medium
```

అయితే అట్లాసులో పేర్చే తీరుకూ ఈ గళ్లకూ తగాదా ఉంది. అట్లాసులు పుట్టింది మెమరీ కోసం కాదు, ప్రాసెసర్ కోసం. బొమ్మ మారినప్పుడల్లా చిప్‌కు కొత్త ఆదేశం పంపాలి, ఆ పంపడంలోనే ప్రాసెసర్ అలిసిపోతుంది. 2003 గేమ్ డెవలపర్స్ సదస్సులో ఎన్‌విడియాకు చెందిన మథియాస్ వ్లోకా ఈ సంగతి మీదే ప్రసంగించాడు. అన్నీ ఒకే అట్లాసులో ఉంటే ఒక్క ఆదేశంతో గీయొచ్చు. కానీ బొమ్మలను ఇరికించి పేరిస్తే ఒకే గడిలో గిత్త తోకా పక్కనున్న పచ్చ జెండా అంచూ పడతాయి. తోకకు పచ్చ అంటుకుంటుంది. పీఎన్‌జీలో చూస్తే ఏమీ కనపడదు, ఫోన్లోనే బయటపడుతుంది. మేం ప్రతి బొమ్మనూ గడి హద్దు దగ్గరే మొదలుపెట్టి, చుట్టూ ఒక గడి ఖాళీ వదిలి, ఆ ఖాళీలోకి అంచు రంగునే సాగదీశాం. 4×4కు కుదిరిన హద్దు 6×6కు కుదరదు కాబట్టి ఫార్మాట్ మార్చినప్పుడు అట్లాసును మళ్లీ పేర్చాల్సి వచ్చింది.

ఇక మేం తిన్న ఆఖరి దెబ్బ. అన్నీ ఏఎస్‌టీసీకి మార్చాక ఒక పాత ఫోన్లో మెమరీ మళ్లీ పైకి పోయింది. ఆ చిప్‌కు ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0 ఉంది, ఏఎస్‌టీసీ లేదు. గేమ్ ఇంజిన్ ఎర్రర్ ఏదీ చూపకుండా బొమ్మలను విప్పి నాలుగు బైట్ల లెక్కన పెట్టేసింది. తెర మీద గిత్త నిగనిగలాడుతూ ఉంది, అందుకే వారం దాకా అనుమానం రాలేదు. కింది ఆదేశంతో వచ్చే జాబితాలో `GL_KHR_texture_compression_astc_ldr` అన్న పేరు ఉందో లేదో చూస్తే తేలిపోయేది:

```
adb shell dumpsys SurfaceFlinger | grep astc
```

ఇప్పుడు ప్లే స్టోర్‌కు పంపే కట్టలో `#tcf_astc`, `#tcf_etc2` అని రెండు ఫోల్డర్లు పెడుతున్నాం, ఫోన్‌కు తగ్గది దానికి వెళ్తుంది. ఏఎస్‌టీసీలో గిత్తలకు 4×4, నేలకు 6×6, ఆకాశానికి 8×8. రిబ్బను దగ్గర మాత్రం పొదుపు వద్దని మా వాడి షరతు.